డిస్కౌంట్‌కి ఇచ్చిన డిబెంచర్లు: ఆ డిస్కౌంట్‌ని ఏ ఏడాది ఎంత ఖర్చు రాయాలి?

కంపెనీ 10,00,000 రూపాయల ముఖ విలువ ఉన్న డిబెంచర్లు ఇచ్చింది, చేతికి మాత్రం 9,50,000 వచ్చింది. నాలుగేళ్ల తర్వాత తిరిగి కట్టాల్సింది పూర్తి పది లక్షలు. మధ్యలో తేడా పడిన ఆ యాభై వేలని చాలామంది మొదటి రోజే నష్టం కింద చూసేస్తారు, లేదంటే నాలుగుతో భాగించి ఏడాదికి 12,500 రాసి వదిలేస్తారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే పొరపాటులోంచి పుడతాయి: ఆ యాభై వేలు వడ్డీ అన్న సంగతి మర్చిపోవడం. కూపన్, అంటే ఏటా నగదుగా కట్టే వడ్డీ, తక్కువగా పెట్టాం కాబట్టి, ఆ తక్కువైన వడ్డీనే చివర్లో అసలుతో కలిపి ఒకేసారి కడుతున్నాం, అంతే. ఇది మనసులో గట్టిగా ఉంటే కింద చెప్పే ప్రతి స్టెప్పూ దానంతటదే అర్థమవుతుంది.

లెక్క చేయడానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా దాన్నే వాడదాం. ముఖ విలువ 10,00,000, కూపన్ 8 శాతం, ఏడాదికోసారి చెల్లింపు, గడువు నాలుగేళ్లు, ఇష్యూ ధర ముఖ విలువలో 95 శాతం, గడువు తీరాక ముఖ విలువకే చెల్లింపు. ఇష్యూ ఖర్చులు ప్రస్తుతానికి లేవనుకుందాం, వాటి సంగతి తర్వాత చెప్తాను.

మొదటి పని: డబ్బు రాకపోకలు ఒక వరసలో రాసుకోండి

జర్నల్ ఎంట్రీల జోలికి ఇప్పుడే వెళ్లకండి. కంపెనీ వైపు నుంచి ఏ రోజు ఎంత వచ్చింది, ఏ రోజు ఎంత పోతుంది అన్నది మాత్రం రాయండి. మొదటి రోజు 9,50,000 వచ్చింది. మొదటి, రెండు, మూడు సంవత్సరాల చివర తలో 80,000 పోతుంది. నాలుగో ఏడాది చివర 80,000 కూపన్, 10,00,000 అసలు కలిపి 10,80,000 పోతుంది. మొత్తం పోయేది 13,20,000, వచ్చింది 9,50,000. కాబట్టి నాలుగేళ్లలో ఈ అప్పుకి అయ్యే మొత్తం వడ్డీ ఖర్చు 3,70,000. అందులో 3,20,000 కూపన్లు, 50,000 డిస్కౌంట్. ఏ పద్ధతిలో పంచినా మొత్తం ఇదే, పద్ధతి నిర్ణయించేది ఏ ఏడాదికి ఎంత అన్నది మాత్రమే. ఈ 3,70,000 అంకెని పక్కన రాసి పెట్టుకోండి, చివర్లో లెక్క సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

అసలు చెల్లింపు ప్రీమియంతో అని షరతు ఉంటే, ఉదాహరణకి 102 శాతానికి, చివరి అంకె 11,00,000 అవుతుంది. ఆ అదనపు 20,000 కూడా వడ్డీయే, అదీ ఈ వరసలోనే ఉండాలి, దానికి వేరే పద్ధతి ఏమీ అక్కర్లేదు.

ఎఫెక్టివ్ రేటు కనుక్కోవడం

ఇప్పుడు ఒక రేటు కావాలి. ఆ రేటుతో భవిష్యత్తులో కట్టబోయే మొత్తాలన్నిటినీ ఈరోజు విలువకి తెచ్చి కలిపితే సరిగ్గా 9,50,000 రావాలి. అదే ఎఫెక్టివ్ వడ్డీ రేటు. కూపన్ 8 శాతం, డబ్బు తక్కువొచ్చింది కాబట్టి ఈ రేటు 8 కంటే ఎక్కువే ఉంటుందని ముందే తెలుసు. మీకు 8 కంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యాయి.

స్ప్రెడ్‌షీట్ ఉంటే ఒక్క లైను చాలు:

```
=RATE(4, -80000, 950000, -1000000)
```

వచ్చిన డబ్బుకి ప్లస్, కట్టేవాటికి మైనస్ అని గుర్తుంచుకోండి. జవాబు 9.56244 శాతం. చెల్లింపులు ప్రతి ఏడాదీ ఒకేలా లేకపోతే RATE పనిచేయదు, అప్పుడు రాకపోకలన్నీ ఒక కాలమ్‌లో పెట్టి `IRR` వాడాలి. తేదీల మధ్య దూరం సమానంగా లేకపోతే `XIRR`.

పరీక్షలో చేత్తో చేయాల్సి వస్తే రెండు రేట్లతో ప్రయత్నించి మధ్యది పట్టుకోండి. 9.5 శాతంతో ప్రస్తుత విలువ 9,51,933 వస్తుంది, 9.6 శాతంతో 9,48,840 వస్తుంది. మనకి కావాల్సిన 9,50,000 ఈ రెండిటి మధ్య ఉంది. రేటు 0.1 శాతం పెరిగితే విలువ 3,093 తగ్గింది, మనం తగ్గించాల్సింది 1,933, కాబట్టి 9.5కి 0.0625 కలపాలి, 9.5625 శాతం. స్ప్రెడ్‌షీట్ ఇచ్చినదానికి దాదాపు అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, రేటుని తొందరపడి గుండ్రం చేయకండి. 9.6 అని రాసుకుని పట్టిక వేస్తే నాలుగేళ్ల చివర అప్పు 10,01,674 దగ్గర ఆగుతుంది, అంటే కట్టాల్సినదాని కంటే 1,674 ఎక్కువ. 9.56 అని రాస్తే 109 తక్కువొస్తుంది. కొందరు ఈ తేడాని చివరి ఏడాది వడ్డీలోకి తోసేసి సరిపెడతారు. ఒకటి రెండు రూపాయలైతే తప్పులేదు, అది రౌండింగ్. వందలూ వేలూ వస్తుంటే మాత్రం సర్దకండి, రేటు తప్పు అని అర్థం.

పట్టిక వేయడం

ప్రతి ఏడాదీ చేసేది ఒకటే పని. ఏడాది మొదట్లో ఉన్న పుస్తక విలువని ఎఫెక్టివ్ రేటుతో గుణించండి, అది ఆ ఏడాది వడ్డీ ఖర్చు. అందులోంచి నగదుగా కట్టిన కూపన్ తీసేయండి, మిగిలింది ఆ ఏడాది రద్దు చేసే డిస్కౌంట్. దాన్ని పుస్తక విలువకి కలపండి, వచ్చే ఏడాది మొదలు అక్కడినుంచే. కూపన్ మాత్రం ఎప్పుడూ ముఖ విలువ మీద 8 శాతమే, అంటే 80,000.

| ఏడాది | మొదటి పుస్తక విలువ | వడ్డీ ఖర్చు | కూపన్ | డిస్కౌంట్ రద్దు | చివరి పుస్తక విలువ |
|---|---|---|---|---|---|
| 1 | 9,50,000 | 90,843 | 80,000 | 10,843 | 9,60,843 |
| 2 | 9,60,843 | 91,880 | 80,000 | 11,880 | 9,72,723 |
| 3 | 9,72,723 | 93,016 | 80,000 | 13,016 | 9,85,739 |
| 4 | 9,85,739 | 94,261 | 80,000 | 14,261 | 10,00,000 |

వడ్డీ కాలమ్ కూడితే 3,70,000, డిస్కౌంట్ కాలమ్ కూడితే 50,000. ముందు పక్కన పెట్టుకున్న అంకెతో సరిపోయింది.

డిస్కౌంట్ రద్దు ఏటా ఎందుకు పెరుగుతోంది అన్నది చాలామందికి వచ్చే సందేహం. మొదటి ఏడాది వడ్డీ అయింది 90,843, కట్టింది 80,000. కట్టని 10,843 అప్పులో కలిసిపోయింది, రెండో ఏడాది నుంచి దాని మీద కూడా వడ్డీ పడుతుంది. అందుకే ప్రతి ఏడాది రద్దూ అంతకుముందు ఏడాది రద్దుని సరిగ్గా ఎఫెక్టివ్ రేటు చొప్పున పెంచితే వస్తుంది. 10,843ని 1.0956244తో గుణించి చూడండి, 11,880 వస్తుంది. దాన్ని మళ్లీ గుణిస్తే 13,016. కూపన్ మారనంతకాలం ఇది తప్పదు. నాకు తెలిసి ఇంతకంటే తేలికైన తనిఖీ లేదు, వేరేవాళ్లు వేసిన పట్టిక చేతికొస్తే ముందు రద్దు కాలమ్‌లో రెండు వరస అంకెలు తీసుకుని భాగించి చూడండి, రేటు రాకపోతే మిగతాది చదవక్కర్లేదు.

సమానంగా పంచే పద్ధతితో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అందులో ఏటా వడ్డీ ఖర్చు 92,500. మొదటి ఏడాది అప్పు 9,50,000 మీద అది 9.74 శాతం, నాలుగో ఏడాది 9,87,500 మీద 9.37 శాతం. అదే డిబెంచర్లు, అవే షరతులు, ఎవరూ వడ్డీ తగ్గించలేదు, అయినా అప్పు ఏటేటా చవకైపోతున్నట్టు పుస్తకాలు చెప్తాయి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం IFRS 9, మన దగ్గర దానికి దీటైన Ind AS 109, అమార్టైజ్డ్ కాస్ట్‌లో, అంటే పై పట్టికలోని పుస్తక విలువతో, చూపే అప్పుకి ఎఫెక్టివ్ వడ్డీ పద్ధతే వాడాలంటాయి.

ఎంట్రీలు

డబ్బు అందిన రోజు (దరఖాస్తు, కేటాయింపు ఖాతాల గుండా వచ్చినా చివరికి తేలేది ఇదే):

బ్యాంకు ఖాతా డెబిట్ 9,50,000
డిబెంచర్ల డిస్కౌంట్ ఖాతా డెబిట్ 50,000
8% డిబెంచర్ల ఖాతాకు క్రెడిట్ 10,00,000

డిస్కౌంట్ ఖాతాలో డెబిట్ నిల్వ ఉంది కదా అని దాన్ని బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు పెట్టొద్దు. దాన్ని ఎవరికీ అమ్మలేం, దానివల్ల రేపు వచ్చేదీ ఏమీ లేదు. డిబెంచర్ల అప్పులోంచి తీసేసి నికరంగా 9,50,000 చూపించాలి. కొన్ని చోట్ల విడిగా డిస్కౌంట్ ఖాతా తెరవకుండా డిబెంచర్ల ఖాతాకే 9,50,000 క్రెడిట్ చేస్తారు. అదీ సరైనదే, కానీ ముఖ విలువ ఎంత, ఇంకా రద్దు కావాల్సింది ఎంత అన్నది లెడ్జర్‌లో విడివిడిగా కనిపించాలంటే రెండు ఖాతాలు ఉండటమే నయం అంటాను.

మొదటి ఏడాది చివర:

వడ్డీ ఖర్చు ఖాతా డెబిట్ 90,843
బ్యాంకు ఖాతాకు క్రెడిట్ 80,000
డిబెంచర్ల డిస్కౌంట్ ఖాతాకు క్రెడిట్ 10,843

ఈ ఎంట్రీ తర్వాత డిస్కౌంట్ ఖాతాలో 39,157 మిగులుతుంది, బ్యాలెన్స్ షీట్‌లో అప్పు 9,60,843. నాలుగో ఏడాది ఎంట్రీతో డిస్కౌంట్ ఖాతా సున్నా అవుతుంది, అప్పు సరిగ్గా పది లక్షలకి చేరుతుంది, అప్పుడు డిబెంచర్ల ఖాతా డెబిట్ చేసి బ్యాంకు క్రెడిట్ చేస్తే కథ అయిపోయింది. ఆ రోజు లాభం గానీ నష్టం గానీ ఉండదు.

కూపన్ తేదీ, లెక్కల ఏడాది ముగింపు ఒకటి కానప్పుడు

నిజంగా పని చేసేచోట ఇది దాదాపు ప్రతిసారీ ఎదురవుతుంది. డిబెంచర్లు ఇచ్చిన తొమ్మిది నెలలకి లెక్కల ఏడాది ముగిసిందనుకోండి. పట్టికని మళ్లీ కదపొద్దు. పట్టికలో "ఏడాది" అంటే కూపన్ నుంచి కూపన్‌కి ఉన్న పన్నెండు నెలలు, దాన్ని అలాగే ఉంచి, అందులోంచి నెలల లెక్కన మన ఏడాదికి వచ్చే వాటా తీసుకోండి. మొదటి ఏడాది 90,843లో పన్నెండింట తొమ్మిది వంతులు 68,132. అందులో 60,000 కూపన్ వాటా, ఇంకా కట్టలేదు కాబట్టి చెల్లించాల్సిన వడ్డీ ఖాతాకి క్రెడిట్, మిగతా 8,132 డిస్కౌంట్ ఖాతాకి క్రెడిట్. తర్వాతి లెక్కల ఏడాదిలో పట్టికలోని మొదటి వరసలో మిగిలిన మూడు నెలలు 22,711, రెండో వరసలోంచి తొమ్మిది నెలలు 68,910, మొత్తం 91,621.

ఇక్కడ జరిగే తప్పు ఏంటంటే, ఏడాది ముగింపు రోజు పుస్తక విలువని తీసుకుని దానిమీద కొత్తగా పన్నెండు నెలల వడ్డీ వేయడం. అలా చేస్తే కూపన్ మధ్యలో ఎక్కడో పడుతుంది, చివర్లో పది లక్షలు రావు.

అర్ధ సంవత్సరానికోసారి కూపన్ కట్టే డిబెంచర్లయితే పట్టికే అర్ధ సంవత్సరాల లెక్కన, ఎనిమిది వరసలతో వేయాలి. కూపన్ 40,000, రేటు కూడా అర్ధ సంవత్సరానిదే కనుక్కోవాలి:

```
=RATE(8, -40000, 950000, -1000000)
```

ఇది సుమారు 4.77 శాతం. మనం ముందు కనుక్కున్న 9.56244ని రెండుతో భాగిస్తే 4.78 వస్తుంది, అది వేరే రేటు. పెట్టుబడిదారుకి డబ్బు ముందుగా అందుతోంది కాబట్టి ఇది అసలు వేరే అప్పు, రేటు మళ్లీ మొదటినుంచి లెక్కేయాల్సిందే.

ఇష్యూ ఖర్చులు

డిబెంచర్లు ఇవ్వడానికి నేరుగా అయిన ఖర్చులు, అంటే బ్రోకరేజి, అండర్‌రైటింగ్ కమీషన్, న్యాయ సలహా ఫీజు లాంటివి, ఇష్యూ చేయకపోతే అసలు అయ్యేవి కావు. వీటినీ డిస్కౌంట్‌తో పాటే చూడాలి. మన ఉదాహరణలో ఇవి 12,000 అనుకుంటే మొదటి రోజు పుస్తక విలువ 9,38,000, ఎఫెక్టివ్ రేటు సుమారు 9.95 శాతానికి పెరుగుతుంది, నాలుగేళ్లలో రద్దు చేయాల్సింది 62,000. ఇష్యూ పని చూసిన సొంత ఉద్యోగుల జీతాలు మాత్రం ఇందులో కలపకూడదు, అవి ఇష్యూ ఉన్నా లేకపోయినా కట్టేవే.

ఈ ఖర్చుల బిల్లులు ఆలస్యంగా వస్తాయి, అదే అసలు చిక్కు. పట్టిక వేసేశాక ఒక బిల్లు వచ్చిందంటే దాన్ని నేరుగా ఖర్చు రాసేయాలనిపిస్తుంది. కాబట్టి పట్టిక వేసేముందే ఇష్యూ ఫైలు తెరిచి, ఎవరెవరికి ఇంకా కట్టాల్సి ఉందో ఒప్పందాల ప్రకారం చూసుకుని, బిల్లు రాకపోయినా ఆ మొత్తాలు కలుపుకోండి.

తప్పు ఎక్కడ జరిగిందో గుర్తుపట్టడం

రద్దు అంకె ప్రతి ఏడాదీ ఒకేలా 15,624 వస్తోందంటే ఎఫెక్టివ్ రేటుని పుస్తక విలువ మీద కాకుండా ముఖ విలువ మీద వేశారు. నాలుగేళ్లకి అది 62,000 దాటిపోతుంది, రద్దు చేయడానికి ఉన్నదేమో యాభై వేలే. పుస్తక విలువ ఏటా పెరగాల్సింది తగ్గుతోందంటే కలపాల్సినచోట తీసేశారు, ప్రీమియంకి ఇచ్చిన డిబెంచర్ల పట్టికని కాపీ చేసినప్పుడు ఇలా అవుతుంది.

మూడోది లెక్కల తప్పు కాదు, అవగాహన తప్పు. రెండో ఏడాదిలో మార్కెట్ వడ్డీ రేట్లు 12 శాతానికి పోయాయి, మరి మన పట్టిక మార్చాలా? అక్కర్లేదు. కూపన్ స్థిరంగా ఉన్న డిబెంచర్లకి, అమార్టైజ్డ్ కాస్ట్‌లో ఉంచినంతకాలం, ఇష్యూ రోజు కుదిరిన రేటే చివరిదాకా. బయట రేటు మారితే డిబెంచర్ల మార్కెట్ ధర మారుతుంది, కంపెనీ చేసుకున్న ఒప్పందం మారదు.

గడువుకి ముందే తిరిగి కొనేస్తే

పట్టిక ఉన్నవాళ్లకి ఇది రెండు నిమిషాల పని. రెండో ఏడాది కూపన్ కట్టేశాక కంపెనీ డిబెంచర్లన్నిటినీ మార్కెట్లో 9,90,000కి కొని రద్దు చేసిందనుకోండి. ఆ రోజు పుస్తక విలువ 9,72,723. కట్టింది 17,277 ఎక్కువ, అదే నష్టం. ముఖ విలువ కంటే పదివేలు తక్కువకే కొన్నాం కదా, లాభం వచ్చిందనుకోవడం ఇక్కడ సహజంగా జరిగే పొరపాటు, ఎందుకంటే పోల్చాల్సింది ముఖ విలువతో కాదు, పుస్తక విలువతో.

డిబెంచర్ల ఖాతా డెబిట్ 10,00,000
డిబెంచర్ల రద్దు నష్టం ఖాతా డెబిట్ 17,277
డిబెంచర్ల డిస్కౌంట్ ఖాతాకు క్రెడిట్ 27,277
బ్యాంకు ఖాతాకు క్రెడిట్ 9,90,000

ఆ 27,277 అనేది రెండేళ్లలో రద్దయిన 22,723 పోగా డిస్కౌంట్ ఖాతాలో మిగిలి ఉన్నది. సగం డిబెంచర్లే కొంటే డిస్కౌంట్‌లో కూడా సగమే తీసేయండి, మూడో ఏడాది పట్టికని 4,86,362తో మొదలుపెట్టి కూపన్ 40,000 చేసుకోండి, రేటు మాత్రం అదే 9.56244.